ట్రాఫిక్ మీద జోకులు వేసే తెలుగు కమెడియన్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ ఓపెన్ మైకుల్లో తెలుగులో కామెడీ చేస్తున్న మిత్రులకు,

నమస్తే. మీ సెట్లు చాలాకాలంగా వింటున్నాను. పెద్ద కమెడియన్ల షోలకంటే, కెఫేలో ముప్ఫై కుర్చీలు వేసి, ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు ఇచ్చే మీ సాయంత్రాలే నాకు ఎక్కువ ఇష్టం. ఒక జోకు మొదటివారం చప్పగా పోయి, నాలుగోవారానికి హాలంతా ఊగిపోయేలా మారడం కళ్ళారా చూసే అవకాశం అక్కడే దొరుకుతుంది. ఆ ఇష్టంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మాట్లాడేది ఒక్క విషయం గురించే: రోజూ ఆఫీసుకీ కాలేజీకీ వెళ్ళివచ్చే దారి మీద, ట్రాఫిక్ మీద మీరు వేసే జోకులు.

ఈ ఊళ్ళో అందరికీ ఉమ్మడిగా ఉన్న కష్టం అదొక్కటే. కూకట్‌పల్లి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయికీ, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడికీ, మెహదీపట్నంలో బట్టల కొట్టు నడిపే పెద్దాయనకీ ఒకే అనుభవం ఉంది. ఇంకే టాపిక్ ఎత్తుకున్నా ముందు కొంత వివరించాలి. ట్రాఫిక్ అనగానే హాలంతా సిద్ధంగా ఉంటుంది. అందుకే ఆ టాపిక్‌ని మనం సరిగ్గా వాడుకోవడం లేదని నా బాధ.

మీ రికార్డింగులు ఒకసారి మళ్ళీ వినండి. "ఐకియా జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి..." అని మీరు మొదలుపెట్టగానే ఒక చప్పుడు వస్తుంది. "ఓఓ" అని మూలుగు, రెండు మూడు చప్పట్లు, ఎవరో ఈల. అది నవ్వు కాదు, ఒప్పుకోలు. "అవును బాబూ, మేమూ అక్కడే ఇరుక్కున్నాం" అని జనం చెయ్యెత్తడం. తేడా పట్టుకోవడం తేలిక. ఒప్పుకోలు మీ వాక్యం పూర్తికాకముందే మొదలై మెల్లగా ఆగిపోతుంది. నవ్వు మీ చివరి మాట పడ్డాకే, అందరి నోటా ఒక్కసారిగా వస్తుంది. చాలా ట్రాఫిక్ సెట్లలో ఐదు నిమిషాలూ ఒప్పుకోలే వినిపిస్తుంది, నవ్వు ఉండదు. కమెడియన్ మాత్రం సెట్ బాగా నడిచిందనుకుని దిగిపోతాడు. మరుసటి వారం ట్రాఫిక్ తక్కువ ఉన్న ఊరికి వెళ్ళి అదే సెట్ చేస్తే పూర్తిగా పడిపోతుంది.

దీనికి కారణం, మనం పరిశీలన చేయకుండా ఫిర్యాదు చెప్పి వదిలేయడమే. "యూటర్న్‌లు ఎక్కువైపోయాయి" అనేది ఫిర్యాదు. అది ఎవరైనా చెప్పగలరు, టీకొట్టు దగ్గర రోజూ చెబుతున్నారు కూడా. అందరూ చూసి, ఎవరూ నోటితో అనని దాన్ని పట్టుకుంటేనే అది పరిశీలన అవుతుంది. ఆ యూటర్న్‌నే తీసుకుని, ఫిర్యాదు ఎలా జోకవుతుందో చూద్దాం.

విషయం మీకు తెలిసిందే. మన ఊళ్ళో చాలా కూడళ్ళలో సిగ్నల్ మూసేసి, కొంచెం ముందు డివైడర్‌కి గండి కొట్టి యూటర్న్ పెట్టారు. మీ ఆఫీసు కుడివైపు ఉంటే దాన్ని దాటి, ముందుకు వెళ్ళి, తిరిగి, మళ్ళీ వెనక్కి రావాలి. మొదటి డ్రాఫ్ట్ సాధారణంగా ఇలా ఉంటుంది: "మన దగ్గర ఆఫీసు ఎదురుగానే ఉంటుంది, కానీ చేరాలంటే అరగంట పడుతుంది!" ఒప్పుకోలు వస్తుంది, అక్కడితో అయిపోతుంది.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆఫీసు ఎదురుగా ఉండీ దాన్ని దాటిపోయే ఆ క్షణంలో నిజంగా ఏం జరుగుతుంది? మీకు ఆఫీసు కనిపిస్తుంది. అంటే ఆఫీసుకి కూడా మీరు కనిపిస్తారు. ఇందాక లేని మనిషి ఒకడు ఇప్పుడు వచ్చాడు, అవతలివైపు నుంచి మిమ్మల్ని చూస్తున్నవాడు. రెండో డ్రాఫ్ట్ అక్కడినుంచి పుడుతుంది: "తొమ్మిదిన్నరకి మా ఆఫీసు ముందే ఉన్నా. డివైడర్ అవతల. మా మేనేజరు బాల్కనీలో టీ తాగుతున్నాడు. నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అలాగే ముందుకెళ్ళిపోయాను."

ఇక్కడ మొదటి నవ్వు వస్తుంది. రాకపోతే, చెయ్యి ఊపడాన్ని మాటల్లో చెప్పి ఊరుకున్నారన్నమాట. అది చేసి చూపించాల్సిన ముక్క, మీ భాషలో యాక్ట్ అవుట్. హ్యాండిల్ మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి, తల మాత్రం మెల్లగా వెనక్కి తిరుగుతూ మేనేజర్‌నే చూడటం. మాట లేకుండా రెండు సెకన్లు ఆగండి. బండిమీద ఆఫీసు దాటిపోయిన ప్రతి మనిషికీ ఆ మెడ తిప్పడం తెలుసు.

తర్వాత పంచ్. "పదికి లోపలికి వెళ్తే, లేటెందుకయింది అంటాడు. సార్, మీరే కదా చూశారు, టాటా కూడా చెప్పారు! అంటే ఆయనన్నాడు, నువ్వు రిజైన్ చేసి వెళ్ళిపోతున్నావేమో అనుకున్నానయ్యా."

జోకు ఉంది. కానీ ఇలా చెబితే సగమే పేలుతుంది. ఎందుకో మీలో చాలామందికి అనుభవంలో తెలుసు, పేరు పెట్టి ఉండకపోవచ్చు. తెలుగు వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. అసలు విషయం మధ్యలో బయటపడిపోతుంది, తర్వాత "అనుకున్నానయ్యా" అనే తోక మిగులుతుంది. జనం "రిజైన్" దగ్గర నవ్వడం మొదలుపెడతారు, మీరింకా మాట్లాడుతుంటారు, మీ గొంతు వినడానికి వాళ్ళు నవ్వు ఆపుకుంటారు. ఇంగ్లీషు సెట్లు చూసి నేర్చుకున్నవాళ్ళకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మందు మన మాట్లాడే భాషలోనే ఉంది. మాట్లాడేటప్పుడు మనం పదాలని ఎటైనా జరుపుకుంటాం కదా. "వెళ్ళిపోతున్నావేమో అనుకున్నానయ్యా... రిజైన్ చేసి." ఇప్పుడు చివరి మాట తర్వాత మీరు నోరు మూసుకోవచ్చు. మిగతా పని హాలు చూసుకుంటుంది.

పంచ్ వెనకాలే అతికించే చిన్న ముక్క, ట్యాగ్ కూడా వేయొచ్చు: "సెండాఫ్‌కి చందాలు కూడా వసూలు చేశారట, నేను తిరిగొచ్చేలోపు." కానీ ఇంకో ట్యాగ్ వద్దు. యూటర్న్ నుంచి మనం అప్పటికే చాలా దూరం వచ్చేశాం, ఇంకొకటి వేస్తే అది ఆఫీసు జోకైపోతుంది.

ఈ పద్ధతి దేనికైనా పనికొస్తుంది. మ్యాప్స్‌లో మాట్లాడే ఆవిడ గొంతు, రానన్న ఆటో, స్నానం చేస్తూ "దారిలో ఉన్నా" అని చెప్పే స్నేహితుడు, ఈ మూడింటినీ దయచేసి కొన్నాళ్ళు పక్కన పెట్టండి. చెడ్డవని కాదు. వాటిలో అందరూ చూసిన వివరాలన్నీ అందరూ చెప్పేశారు. కొత్తది కావాలంటే మన ఊరికే ప్రత్యేకమైన దాని దగ్గరికి వెళ్ళాలి. ఉదాహరణకి పెండింగ్ చలానాలు. 2022 మార్చిలో మన రాష్ట్రంలో పాత చలానాల మీద రాయితీ ఇచ్చారు. టూవీలర్లకి 75 శాతం తగ్గింపు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ ఇచ్చారు, ఈసారి టూవీలర్లకి 80 శాతం. జరిమానాకి డిస్కౌంట్ అనే మాటలోనే ఒక జోకు నిద్రపోతోంది. అప్పటినుంచి మన జనం చలానా వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. కట్టడం లేదు, దాచుకుంటున్నారు. "ఇప్పుడే కట్టకురా, సీజన్ రానీ" అని తండ్రి కొడుక్కి సలహా ఇస్తున్నాడు. ఆషాఢం సేల్ కోసం ఆగినట్టు ఆగుతున్నారు. చలానా మీద ఉన్న ఫొటో, అందులో మనం హెల్మెట్ మోచేతికి తగిలించుకుని నడుపుతున్న తీరు, పక్కనే రేటు. పాత్రలు, వస్తువులు, డైలాగులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను చూసిన ఓపెన్ మైకుల్లో దీన్ని నిండుగా వాడిన సెట్ ఒక్కటి కూడా లేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాటకి వస్తాను. జోకు ఎవరికి తగులుతోంది?

2024 మొదట్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఒక పోస్టు పెట్టారు. ఫోన్ మాట్లాడుతూ బండి నడుపుతున్న ఒకతని ఫొటో, దాని మీద కుమారి ఆంటీ డైలాగుని తిప్పి రాసిన మాట: మీది మొత్తం వెయ్యి అయింది, యూజర్ ఛార్జీలు ఎక్స్‌ట్రా. రాష్ట్రమంతా నవ్వింది. అంతకు కొద్దిరోజుల ముందే మాదాపూర్‌లో ఆమె భోజనం బండి దగ్గర ట్రాఫిక్ జామవుతోందని పోలీసులు దాన్ని అక్కడినుంచి తీసేయమంటే, ముఖ్యమంత్రి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఆ వెనుక కథ అందరికీ తెలుసు కాబట్టే ఆ పోస్టు అంత పేలింది. మంచి జోకే, నాకూ నచ్చింది. కానీ దాని దిశ గమనించండి. పోలీసులు జోకు వేస్తే అది తప్పనిసరిగా బండి నడిపేవాడి మీదికే వస్తుంది. గుంత మీదికి రాదు, ఫుట్‌పాత్ లేకపోవడం మీదికి రాదు. అది వాళ్ళ పని కూడా కాదు. రెండోవైపు నుంచి మాట్లాడగలిగినవాళ్ళు మీరే.

మనకి ఈ సంప్రదాయం కొత్తది కాదు. బుర్రకథలో మధ్యన తంబుర పట్టుకుని కథకుడు నిలబడితే, ఒకపక్క హాస్యం చెప్పే వంత, ఇంకోపక్క రాజకీయం చెప్పే వంత ఉంటారు. షేక్ నాజర్ లాంటివాళ్ళు ఆ రూపాన్ని ఊరూరా తిప్పినప్పుడు జనం ఒక పక్క నవ్వుతూనే ఇంకో పక్క ఎవరిని అడగాలో తెలుసుకున్నారు. ట్రాఫిక్ సెట్‌లో హాస్యం వంత మనకి బాగానే వచ్చింది. రెండో వంత గొంతు వినిపించడం లేదు.

మరి మన జోకులు ఇప్పుడు ఎవరి మీద పడుతున్నాయి? డెలివరీ కుర్రాడి మీద, క్యాబ్ డ్రైవర్ యాస మీద, ఎండలో నిలబడ్డ హోంగార్డు పొట్ట మీద, అన్నిటికంటే ఎక్కువగా, ఉచిత బస్సులో వెళ్ళే ఆడవాళ్ళ మీద. చివరిదాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇక్కడ కామెడీ పరంగా కూడా నష్టపోతున్నాం.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటిదే వచ్చింది. దీనిమీద స్టేజీ ఎక్కే జోకు దాదాపు ఒకటే: ఆడవాళ్ళు పనిలేక తిరుగుతున్నారు, సీటు కోసం కొట్టుకుంటున్నారు. ఆ జోకు వేసిన కమెడియన్ ఆ బస్సు ఎక్కి ఎంతకాలమైందో అని నాకు అనుమానం. ఎక్కి ఉంటే జీరో టికెట్ కనిపించేది. డబ్బు తీసుకోకపోయినా కండక్టర్ ప్రతి ఆడమనిషికీ టికెట్ కొట్టాలి, దానిమీద ధర సున్నా ఉంటుంది. అంటే కాలు పెట్టే చోటు లేని బస్సులో ఆయన ఆ చివరినుంచి ఈ చివరికి ఈదుకుంటూ రావాలి, సున్నా రూపాయలు వసూలు చేయడానికి. గుర్తింపు కార్డు చూపించాలి, ఎక్కువమంది చూపించేది ఆధారే. ఆధార్‌లో ఫొటో ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. "ఇది మీరేనామ్మా?" "పదేళ్ళ కింద నేనే బాబూ, ఈ బస్సు ఎక్కకముందు."

చూడండి, ఈ జోకులో ఆవిడే గెలిచింది. కండక్టర్ మీద కూడా మనకి జాలే కలిగింది. ఇద్దరినీ ఇరికించింది ఆ రద్దీ. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదన్నది బస్టాపులో నిలబడ్డ ప్రతి ఒక్కరి మాట, అది వేరే చెప్పకుండానే జోకులో ఉంది. హాల్లో కూర్చున్న ఆడవాళ్ళు తలవంచుకోకుండా నవ్వే జోకు ఇది. నవ్వేవాళ్ళు రెట్టింపవుతారు. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు, లెక్క కూడా అదే చెబుతోంది.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పుకోవాలి. 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. ఏదో తప్పు జరుగుతున్నట్టు అనిపించాలి, అదే సమయంలో ప్రమాదం లేదనీ అనిపించాలి, రెండూ కలిసినప్పుడే నవ్వు వస్తుందని. ట్రాఫిక్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటవడం తప్పే, ప్రమాదం కాదు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి మనల్నే తిట్టే మనిషి అంచు మీద ఉంటాడు. అతను బతికి బాగున్నంతసేపే అతని మీద నవ్వుతాం. అంబులెన్స్ దారి దొరక్క హారన్ కొడుతుండటం మాత్రం ఆ గీతకి అవతల ఉంది. ఒక సెట్‌లో అంబులెన్స్ వెనకాలే దూసుకెళ్ళే బైకుల మీద జోకు విన్నాను. పరిశీలన నిజమే, రోజూ చూస్తాం. కానీ హాల్లో ఒక టేబుల్ పూర్తిగా నిశ్శబ్దమైపోయింది. ఆ జోకు బతకాలంటే అంబులెన్స్ ఆసుపత్రికి చేరిపోయిందని జనానికి ముందే చెప్పాలి. దాని వెనక వచ్చిన బైకువాడు అదే ఊపులో ఎమర్జెన్సీ వార్డు గుమ్మం దాకా వెళ్ళిపోతే, స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు "పేషెంటు తాలూకా?" అని అడిగితే, ఏం చెబుతాడు? అప్పుడు నవ్వొచ్చు. ఇరుక్కున్నది ఇప్పుడు అతను మాత్రమే.

చివరిగా, ఈ సాయంత్రాలు నడిపే హోస్టులకి ఒక విన్నపం. దారి మీద మన దగ్గరున్న సరుకులో సగం ఇంకా స్టేజీ ఎక్కనేలేదు, ఎందుకంటే అది ఆడవాళ్ళ దగ్గర ఉంది. రాత్రి క్యాబ్ ఎక్కగానే అవతల ఎవరూ లేకపోయినా "నాన్నా, పది నిమిషాల్లో వచ్చేస్తా, గేటు దగ్గరే ఉండు" అని గట్టిగా ఫోన్ మాట్లాడటం. లైవ్ లొకేషన్ ఐదుగురికి పంపితే, ఆ ఐదుగురూ చుక్క కదలడం లేదని ఒకేసారి ఫోన్ చేయడం, తీరా చూస్తే అమీర్‌పేటలో జామ్. మెట్రోలో లేడీస్ కోచ్‌కి, మిగతా కోచ్‌లకి మధ్య ఆ గీత మీద నిలబడి లోపలికి రాను, బయటికి పోను అన్నట్టు చూసే అబ్బాయి. వీటిని నేను చెబితే వివరాలవుతాయి. వాళ్ళు చెబితే సెట్ అవుతుంది.

కానీ కొత్తగా వచ్చిన అమ్మాయిలకి మీరిచ్చే స్లాట్ చాలాసార్లు చివర్లో ఉంటుంది. పది దాటాక పేరు పిలుస్తారు. అప్పటికి సగంమంది వెళ్ళిపోయి ఉంటారు, ఆ అమ్మాయి కూడా ఒక కన్ను ఫోన్‌లో టైము మీద పెట్టి జోకు చెబుతుంది. పంచ్ తర్వాత ఆగాల్సిన రెండు సెకన్లు ఆగలేదు, ఎందుకంటే ఆమెకి రైలు ఉంది. లిస్టు రాసేటప్పుడు ఎవరు ఎంత దూరం వెళ్ళాలో ఒక్క మాట అడగండి. ఎల్బీనగర్, మియాపూర్ వైపు వెళ్ళేవాళ్ళని మొదటి గంటలో పెట్టండి. బండి ఉన్నవాళ్ళు, దగ్గర్లో ఉన్నవాళ్ళు చివర్లో చెయ్యొచ్చు. వచ్చేవారం నుంచే ఇలా చేయగలిగితే సంతోషం.

మీ సెట్లకి రోజూ వచ్చే
ఒక ప్రేక్షకుడు